ఇన్వర్టర్ కొనేముందు ఒక కూడిక

పార్వతీపురంలో ఇన్వర్టర్లు అమ్మే కొట్టుకి వెళితే ముందుగా వినిపించే ప్రశ్న ఇదే: "ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు బావూ?" మూడు ఫ్యాన్లు, నాలుగైదు లైట్లు, ఒక టీవీ అని చెప్పగానే కొట్టాయన 900 వీఏ పెట్టె మీద చెయ్యి వేసి "ఇది సరిపోద్ది" అంటాడు. చాలా ఇళ్లకి నిజంగానే సరిపోతుంది. అది ఏళ్ల తరబడి అమ్మకం మీద కుదిరిన నోటి లెక్క. కానీ అందులో మన ఫ్యాను ఎన్ని వాట్లదో ఉండదు. వరండాలోని పాత ట్యూబ్‌లైటుకి చోక్ రాగిదో ఎలక్ట్రానిక్‌దో ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫ్రిజ్ ప్లగ్గు ఏ లైనులో ఉందో ఉండదు. ఆ మూడింటిలో ఏది తేడా పడినా, కొన్న నెలలోనే పెట్టె కుయ్యిమంటూ ఆగిపోవడం మొదలుపెడుతుంది.

పార్వతీపురం మన్యం జిల్లాలో గుమ్మలక్ష్మీపురం, కురుపాం, కొమరాడ, సీతంపేట వైపు కరెంటు తీసుకెళ్లే లైన్లు చాలా దూరం చెట్ల మధ్య నుంచి, గట్ల మీద నుంచి పోతాయి. వేసవిలో సాయంత్రపు గాలివాన ఒక కొమ్మని తీగ మీద పడేస్తే చాలు, అది ఎక్కడ పడిందో వెతకడానికే గంట పడుతుంది. అందుకే ఇక్కడ ఇన్వర్టర్ గురించి ఆలోచించేటప్పుడు మనసులో ఉంచుకోవలసింది రెండు మూడు గంటల కోత. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానులప్పుడు కరెంటు రోజుల తరబడి పోయింది. ఆ అవసరానికి ఇంటి ఇన్వర్టర్ చాలదు. దానికి జనరేటరో సోలారో కావాలి, ఆ లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ చెబుతున్నది రెండు మూడు గంటల లెక్క.

వాట్లు కూడటం ఒకటో తరగతి పని. ఏ వాట్లని కూడాలన్నదే అసలు ప్రశ్న.

పట్టణంలో ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. హాలు, రెండు పడకగదులు, వంటగది, ముందు వరండా. మూడు పాత రకం సీలింగ్ ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. ఆరు ఎల్ఈడీ బల్బులు, 9 వాట్ల చొప్పున. రెండు ఎల్ఈడీ ట్యూబులు, 20 వాట్ల చొప్పున. వరండాలో 40 వాట్ల పాత ట్యూబు ఒకటి; చోక్ తినేది కూడా కలిపితే 52. 32 అంగుళాల టీవీకి 50, సెట్‌టాప్ బాక్సుకి 10, వైఫై రూటరుకి 10, నాలుగు ఫోన్ చార్జర్లకి 40. ఇక్కడిదాకా 481 వాట్లు. ఇప్పుడు ఫ్రిజ్ 150, మిక్సీ 750, ఇస్త్రీ పెట్టె 1000, గీజరు 2000, నీళ్ల ట్యాంకు నింపే అర హార్స్‌పవర్ మోటారు సుమారు 550 చేర్చండి. మొత్తం 4,931 వాట్లు. దాదాపు ఐదు కిలోవాట్లు.

ఈ ఐదు కిలోవాట్లకి ఇన్వర్టర్ కొనాలంటే పెట్టె కన్నా బ్యాటరీల వరసకే ఒక గది కేటాయించాలి. అంత ఎవరికీ అక్కర్లేదు. పై జాబితాలో చివరి అయిదు వస్తువులే 4,450 వాట్లు తింటున్నాయని చూడండి. వేడి పుట్టించేవి, బరువు తిప్పేవి, నీళ్లు ఎత్తేవి. మిగతా ఇల్లంతా కలిసి అందులో తొమ్మిదో వంతు కూడా లేదు. కాబట్టి ఇన్వర్టర్‌కి కొలవవలసింది ఇంటిని కాదు, కరెంటు పోయిన గంటని. మే నెలలో రాత్రి ఏడున్నరకి కరెంటు పోతే ఆ ఇంట్లో ఏమేం నడుస్తూ ఉండాలి? మూడు ఫ్యాన్లు 225. రెండు ఎల్ఈడీ ట్యూబులు 40. మూడు బల్బులు 27. టీవీ, బాక్సు 60. రూటరు 10. రెండు ఫోన్లు 20. కూడితే 382 వాట్లు. చలికాలంలో ఇదే గంటకి ఫ్యాన్లు తీసేస్తే 157 మాత్రమే మిగులుతుంది. పెట్టె సైజు తేల్చేది మాత్రం ఏడాదిలో అతి బరువైన గంట, కాబట్టి వేసవి లెక్కే పట్టుకోవాలి.

ఈ అంకెలు ఎక్కడ దొరుకుతాయి? ఫ్యాను మీద, టీవీ వెనక, మిక్సీ అడుగున చిన్న రేకో స్టిక్కరో ఉంటుంది. కొన్నిటి మీద వాట్లు ఉండవు, వోల్టులు, ఆంపియర్లే ఉంటాయి. ఆ రెండూ గుణిస్తే వస్తువు లాగగల గరిష్ఠం సుమారుగా తెలుస్తుంది. ఫోన్ చార్జరు మీద లోపలికి వచ్చే కరెంటు 0.5 ఆంపియర్ అని ఉంటే 230తో గుణించి 115 వాట్లనుకుని కంగారు పడనక్కర్లేదు; తక్కువ వోల్టేజిలో కూడా పనిచేయడానికి రాసిన పై హద్దు అది. బయటికి ఇచ్చేది 5 వోల్టులు, 2 ఆంపియర్లయితే పని జరిగేది 10 వాట్లకే. మోటారు మీద హార్స్‌పవర్ రాస్తే తప్పు ఎదురు దిశలో జరుగుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, నిజమే. కానీ అది మోటారు ఇరుసు దగ్గర ఇచ్చే బలం. అంత ఇవ్వడానికి తీగలోంచి లాగేది వెయ్యికి పైనే. పైన అర హార్స్‌పవర్‌ని 373 అనకుండా 550 అన్నది అందుకే.

బాగా చదువుకున్నవాళ్లు కూడా పొరపాటు పడే చోటు ఫ్రిజ్ మీది నక్షత్రాల స్టిక్కరు. దాని మీద పెద్దగా ఉండే అంకె వాట్లు కాదు, ఏడాదికి అయ్యే యూనిట్లు. ఏడాదికి 200 యూనిట్లని ఉందనుకోండి. ఏడాదికి 8,760 గంటలు. భాగిస్తే 23 వాట్లు కూడా రాదు. "మా ఫ్రిజ్ ఒక పాత బల్బు పాటి కరెంటు కూడా తీసుకోదు" అని సంతోషపడి దాన్ని ఇన్వర్టర్ లైనులో కలిపేస్తారు. కానీ అది సగటు. కంప్రెసరు కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది. నడిచినంతసేపూ 100 నుంచి 150 వాట్లు లాగుతుంది. బిల్లుకి సగటు సరిపోతుంది. ఇన్వర్టర్‌కి మాత్రం ఆ క్షణంలో ఎంత లాగుతోందన్నదే లెక్క.

స్టిక్కరు చెరిగిపోయినవాటికి, మీద రాసినది నమ్మబుద్ధి కానివాటికి ఒక దారి ఉంది, అది గోడ మీదే ఉంది. ఇంటి డిజిటల్ మీటరులో ఎర్రటి చిన్న దీపం మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన `3200 imp/kWh` అనో, మరో అంకెతోనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చయ్యేలోగా ఆ దీపం 3,200 సార్లు మెరుస్తుందని అర్థం. అప్పుడు నిమిషానికి ఒక మెరుపు అంటే 18.75 వాట్లు. ఇంట్లో అన్నీ ఆపేసి, కరెంటు పోయినప్పుడు కావాలనుకున్నవి మాత్రం వేసి, ఫోనులో గడియారం పెట్టుకుని మూడు నిమిషాలు లెక్కపెట్టండి. మన 382 వాట్ల ఇంట్లో మూడు నిమిషాలకి 61 మెరుపులు రావాలి. 75 వస్తే ఎక్కడో మనం మరిచిపోయింది నడుస్తోంది. పాత ఫ్యానుకి 75 అని రాసి ఉండి 85 లాగుతున్నా ఇక్కడ పట్టుబడిపోతుంది. మీటరు మీద 1600 ఉంటే ఒక్కో మెరుపుకి విలువ రెట్టింపు, అంతే తేడా.

ఈ కొలతకి కొండ ఊళ్లలో ఒక చిక్కు ఉంది. లైను చివరి ఊళ్లలో సాయంత్రం వోల్టేజి 190కి దిగిపోవచ్చు. అప్పుడు ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, వాట్లు కూడా తక్కువే లాగుతుంది. 75 వాట్ల ఫ్యాను దాదాపు 50కి పడిపోతుంది. మీటరు మెరుపులు తక్కువ వచ్చాయి కదా అని చిన్న పెట్టె కొంటే, కరెంటు పోగానే ఇన్వర్టర్ తన 220 వోల్టులు నిండుగా ఇస్తుంది, ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఊపందుకుంటాయి, లోడు పెరిగిపోతుంది. "కరెంటు పోతే ఫ్యాను బాగా తిరుగుతుంది" అని ఈ వైపు నవ్వుతూ చెప్పుకునే మాట వెనక ఉన్న కారణం ఇదే. కాబట్టి ఆ మెరుపులు లెక్కపెట్టేది మధ్యాహ్నం పూట, వోల్టేజి బాగున్నప్పుడు.

వాట్లు తేలాయి. పెట్టె మీద మాత్రం వీఏ అని ఉంటుంది, అంటే వోల్ట్ ఆంపియర్. 900 వీఏ అంటే 900 వాట్లు కాదు. తేడా ఎక్కడినుంచి వస్తుందంటే, ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు దిశ మార్చుకుంటూ ఊగే కరెంటు. ఇస్త్రీ పెట్టెలో వోల్టేజి ఎప్పుడు ఎగిస్తే కరెంటూ అప్పుడే ఎగుస్తుంది. వచ్చిందంతా వేడిగా మారుతుంది. రాగి తీగ చుట్టలున్న చోట, అంటే మోటారులో, పాత చోక్‌లో, కరెంటు వోల్టేజి కన్నా కాస్త వెనకబడి నడుస్తుంది. అప్పుడు లోపలికి వెళ్లిన శక్తిలో కొంత భాగం చుట్టలోని అయస్కాంత క్షేత్రంగా ఒక క్షణం నిలిచి, పనేమీ చేయకుండా మళ్లీ తీగలోకి తిరిగొస్తుంది. సంతకి కొండెక్కిన జీపు సగం మూటలు దింపకుండా అలాగే వెనక్కి తెచ్చినట్టు. అమ్ముడైన సరుకు తక్కువే. కానీ జీపు, డ్రైవరు, దారి మాత్రం మొత్తం బరువునీ మోయాల్సిందే. మీటరు లెక్కించేది దింపిన సరుకుని. ఇన్వర్టర్ లోపలి ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మరు మోసేది మొత్తం బరువుని. మొదటిది వాట్లు, రెండోది వీఏ. వాట్లని వీఏతో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టరు.

వరండాలోని పాత ట్యూబ్‌లైటు దీనికి మంచి ఉదాహరణ. రాగి చోక్‌తో అది తినేది 52 వాట్లు. కానీ కెపాసిటరు లేకపోతే దాదాపు 0.4 ఆంపియర్ లాగుతుంది. 230తో గుణిస్తే 92 వీఏ. ఒక్క దీపం ఇన్వర్టర్ మీద పెద్ద ఫ్యాను కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తోంది. దాన్ని మార్చి 20 వాట్ల ఎల్ఈడీ పెట్టడం కన్నా చవకైన ఇన్వర్టర్ మెరుగుదల ఇంట్లో మరొకటి దొరకదు.

ఇంటి సరుకంతా కలిపితే పవర్ ఫ్యాక్టరు సుమారు 0.8 అనుకోవడం వాడుక. మన 382ని 0.8తో భాగిస్తే 478 వీఏ. దాని మీద నాలుగో వంతు ఖాళీ ఉంచుకోవాలి, అంటే 600. ఖాళీ ఎందుకంటే, నిండు లోడు మీద గంటల తరబడి నడిచే పెట్టె వేడెక్కుతుంది, మే నెలలో ఆ గది కూడా చల్లగా ఉండదు. దుకాణంలో 600కి పైన దొరికేది 700. కానీ వచ్చే ఏడాది పిల్ల చదువుకి ఒక లాప్‌టాప్, ఆ గదిలో ఇంకో ఫ్యాను వస్తాయని తెలిసినవాళ్లు వాటిని ఇప్పుడే కూడాలి. 75, 65 కలిపితే 522 వాట్లు. భాగిస్తే 652 వీఏ. నాలుగో వంతు కలిపితే 815. ఇప్పుడు 900 వీఏ పెట్టె సరైనది. కొట్టాయన నోటి లెక్క చివరికి ఒప్పే అయింది. కాకపోతే ఎందుకు ఒప్పో, ఎంతవరకు ఒప్పో ఇప్పుడు మనకి తెలుసు. పెట్టె వెనక వీఏతోపాటు గరిష్ఠ వాట్లు కూడా రాసి ఉంటే ఆ రెంటిలో మనకి ముందుగా తగిలే హద్దునే పట్టుకోవాలి. రెండు కంపెనీల 900 వీఏ పెట్టెలు మోసే వాట్లు ఒకటే కానక్కర్లేదు.

ఇప్పుడు ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. కూడికకి లొంగని వస్తువు అది.

నడుస్తున్న మోటారు తన లోపల తానే ఒక ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. తిరుగుడు వల్ల పుట్టే ఆ ఎదురు వోల్టేజే లోపలికి వచ్చే కరెంటుని అదుపులో ఉంచుతుంది. ఆగి ఉన్న మోటారులో తిరుగుడు లేదు, ఎదురు వోల్టేజీ లేదు. స్విచ్ వేసిన మొదటి క్షణంలో కరెంటుకి అడ్డు పడేది ఉత్త రాగి చుట్టే. అందుకని మామూలు కంప్రెసరు నడకలో లాగేదానికి అయిదారు రెట్లు మొదట్లో లాగుతుంది. 150 వాట్ల ఫ్రిజ్‌కి అర సెకను పాటు 900 వరకు కావాలి. మన ఇంట్లో అప్పటికే 522 వాట్లు నడుస్తున్నాయి. ఆ అర సెకను మొత్తం 1,400 దాటింది. 900 వీఏ పెట్టె క్షణకాలపు పోటుని కొంత ఓర్చుకుంటుంది, కానీ ఇంత ఎప్పుడూ ఓర్చుకుంటుందని చెప్పలేం. సీలింగ్ ఫ్యాన్లకి ఈ బెడద లేదు, అవి నెమ్మదిగా వేగం అందుకునే తేలిక మోటార్లు.

దీన్ని గుర్తుపట్టే తీరు ఉంది. అంతా బాగా నడుస్తూ ఉండగా, పది పదిహేను నిమిషాలకోసారి లైట్లు ఒక్కసారి మినుకుమంటాయి, ఇన్వర్టర్ గొంతు మారుతుంది. ఒక్కోసారి ఓవర్‌లోడ్ దీపం వెలిగి ఆగిపోతుంది. లోడు తీసి చూస్తే వాట్లు తక్కువే ఉంటాయి, మెకానిక్‌కి తప్పేమీ కనబడదు. అదే సమయానికి ఫ్రిజ్ వెనక "టక్" అన్న చప్పుడు వినబడితే దొంగ దొరికినట్టే. కంప్రెసరు తిరగలేక ఆగిపోయి, దాని రిలే తెంపేసిన చప్పుడు అది. చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ అదే జరుగుతుంది. ఇలా పదేపదే జరిగితే ఇన్వర్టర్ కన్నా ముందు కంప్రెసరు చుట్ట కాలిపోవచ్చు. పెట్టె సైన్ వేవ్ కాకుండా పాత స్క్వేర్ వేవ్‌దైతే మోటార్లు ఇంకా వేడెక్కుతాయి, ఫ్యాను కూడా గుయ్‌మని మూలుగుతుంది.

ఫ్రిజ్‌ని తప్పక నడపాలంటే 1,500 వీఏ లేదా ఆ పైన పెట్టె, రెండు బ్యాటరీలు కావాలి. కొత్త ఇన్వర్టర్ కంప్రెసరు ఫ్రిజ్‌లు మెల్లగా మొదలవుతాయి కాబట్టి వాటికి ఆ పోటు చాలా తక్కువ. నన్నడిగితే రెండు మూడు గంటల కోతకి ఏ ఫ్రిజ్‌నీ కలపనక్కర్లేదు. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనాన్ని నిలుపుకుంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకా మందులు దాచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్లదీ ఇదే ఉపాయం. గోడల చుట్టూ మంచు గడ్డ కట్టించుకుని, రోజుకి ఎనిమిది గంటలు కరెంటు దొరికినా మిగతా సమయం చలిని పట్టి ఉంచుతాయి. కరెంటుని బ్యాటరీలో దాచి మళ్లీ చలిగా మార్చడం కన్నా, చలినే దాచుకోవడం చవక.

పెద్ద పెట్టెకి రెండు బ్యాటరీలు ఎందుకన్న ప్రశ్నకి జవాబు తెలిస్తే, ఇన్వర్టర్‌లో ప్రమాదం ఎక్కడ ఉందో కూడా తెలుస్తుంది. మన 522 వాట్లు, అంటే 652 వీఏ, 230 వోల్టుల వైపు మూడు ఆంపియర్ల లోపే. సన్న తీగ చాలు. కానీ బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. మార్పిడిలో నూటికి పదిహేను వంతులు పోతాయనుకుంటే బ్యాటరీ దగ్గర 51 ఆంపియర్లు పారాలి. వేలు పాటి తీగలు అక్కడ ఉండటం అలంకారానికి కాదు. బ్యాటరీ బిగింపు వదులై, తెల్లటి పచ్చటి పొడి పట్టి, ఒక ఓములో యాభయ్యో వంతు అడ్డు ఏర్పడిందనుకోండి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 51ని 51తో గుణించి, ఆ 0.02తో గుణిస్తే 52 వాట్లు. గోలీకాయంత చోట 52 వాట్ల వేడి అంటే తీగ తొడుగు మెత్తబడటానికి సరిపోతుంది. అదే అడ్డు దగ్గర ఒక వోల్టు కూడా పోతుంది. 12లో ఒకటి పోతే ఇన్వర్టర్‌కి బ్యాటరీ అయిపోయినట్టే కనబడుతుంది. కొత్త బ్యాటరీ అరగంటకే 'లో బ్యాటరీ' అని అరిస్తే, అమ్మినవాణ్ని తిట్టేముందు చూడవలసింది ఆ బిగింపుని. ఇక 1,500 వాట్లని 12 వోల్టుల మీద నడపాలంటే 147 ఆంపియర్లు. దాన్ని మోసే తీగ, బిగింపు ఇంట్లో పెట్టదగ్గవి కావు. రెండు బ్యాటరీలని వరసలో కలిపి 24 వోల్టులు చేస్తే కరెంటు సగమవుతుంది, వేడి పావుకి పడిపోతుంది. బ్యాటరీని మేడ మెట్ల కింద పెట్టి, ఇన్వర్టర్‌ని హాల్లో పెట్టి, మధ్యలో మామూలు వైరు అతికించే పని చేయకూడదనడానికి కారణం కూడా ఈ 51 ఆంపియర్లే.

ఎంతసేపు వస్తుందన్నది కూడా కూడికతోనే తేలుతుంది, కాస్త వంకరగా. 150 ఏహెచ్ అని రాసిన బ్యాటరీ ఆ 150ని ఇచ్చేది ఇరవై గంటల పాటు ఏడున్నర ఆంపియర్లు తాపీగా తీసుకుంటేనే. తొందరగా లాగితే లోపలి రసాయన చర్య ఆ వేగాన్ని అందుకోలేదు, చేతికొచ్చేది తగ్గుతుంది. మన 382 వాట్లకి 37 ఆంపియర్లు లాగాలి; ఆ వేగానికి 115 ఏహెచ్ దాకా దొరుకుతుంది, అంటే మూడు గంటలు. 522 వాట్లకైతే రెండు గంటలు. అదే ఇంట్లో మూడు పాత ఫ్యాన్లు తీసి, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 382 కాస్తా 247 అవుతుంది. బ్యాటరీ మీద బరువు 24 ఆంపియర్లే. ఇప్పుడు తీసుకునే వేగం తగ్గింది కాబట్టి చేతికొచ్చేది కూడా పెరిగింది. ఐదు గంటలు వస్తుంది. లోడు మూడో వంతు తగ్గిస్తే కాలం మూడింట రెండు వంతులు పెరిగింది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి కూడా నక్షత్రాల స్టిక్కరు తప్పనిసరి అయింది కాబట్టి కొట్టులో పోల్చి చూసుకోవడం తేలిక. పెద్ద బ్యాటరీకి పెట్టే డబ్బుతో ఫ్యాన్లు మార్చుకోవడమే తెలివైన ఖర్చని నా అభిప్రాయం. ఈ అంకెలన్నీ కొత్త బ్యాటరీవి. మూడు నాలుగేళ్లు వాడినదాని దగ్గర ఇందులో సగం వస్తే సంతోషించాలి.

ఖాళీ అయిన బ్యాటరీ నిండటానికి పది పన్నెండు గంటలు పడుతుంది. మన్యం ఊళ్లలో తక్కువ వోల్టేజి మళ్లీ ఇక్కడ అడ్డం వస్తుంది. చాలా ఇన్వర్టర్ల వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు యూపీఎస్ అని ఉంటుంది. అటు పెడితే లైను వోల్టేజి సుమారు 180కి దిగగానే పెట్టె దాన్ని వద్దనుకుని బ్యాటరీకి మారిపోతుంది. కంప్యూటరున్న ఆఫీసుకి అది మంచిది. లైను చివరి ఇంట్లో మాత్రం కరెంటు ఉండగానే సాయంత్రమంతా బ్యాటరీ అరిగిపోతుంది. రాత్రి పదికి నిజంగా కరెంటు పోతే అందులో ఏమీ మిగలదు. స్విచ్‌ని రెండో వైపు పెడితే 100, 110 వోల్టుల దాకా లైనునే వాడుకుంటుంది. ఫ్యాను నీరసంగా తిరిగినా బ్యాటరీ దాచిపెట్టినట్టే ఉంటుంది. ఇన్వర్టర్ బిగించిన మనిషి ఈ స్విచ్ ఎటు పెట్టాడో చూడని ఇళ్లే ఎక్కువ.

చివరి జాగ్రత్త వైరింగులోనిది. ఏమేం కలపాలో కాగితం మీద తేల్చినా, గోడలోని తీగకి ఆ సంగతి తెలియదు. ఇన్వర్టర్ లైనుని హాలు బోర్డుకి మొత్తంగా కలిపేస్తే ఆ బోర్డులోని ప్లగ్గు పాయింటు కూడా ఇన్వర్టర్ మీదికి వచ్చేస్తుంది. చుట్టమొచ్చి అక్కడ ఇస్త్రీ పెట్టె పెడితే 522 మీద ఇంకో వెయ్యి. అందుకని ఫ్యాన్లు, లైట్లు, టీవీ, రూటరు, చార్జర్ల పాయింట్లు మాత్రం విడిగా తీయించి, మిగతా ప్లగ్గులన్నీ మామూలు లైనులోనే ఉంచాలి. వంటగదిలో ఒక బల్బు తప్ప ఏదీ ఇన్వర్టర్‌కి తగలకూడదు.

బిగించిన రోజునే, ఎలక్ట్రీషియన్ వెళ్లిపోకముందే పరీక్ష చేయించుకోవచ్చు. ఇన్వర్టర్ లైనులో మనం లెక్కలో కూడినవన్నీ వేసి, మెయిన్ ఆపమనండి. ఆయన దగ్గర టాంగ్ టెస్టరు ఉంటే ఇన్వర్టర్ నుంచి బయటికి వచ్చే ఫేజు తీగకి తగిలించి ఆంపియర్లు చదవమనండి. 230తో గుణిస్తే వీఏ వస్తుంది, లాప్‌టాప్, కొత్త ఫ్యాను ఇంకా రాకపోతే మనం భాగించి తెచ్చిన 478కి, వచ్చాక 652కి అది దగ్గరగా ఉండాలి. ఇంట్లో ప్రతి ప్లగ్గులోనూ ఒక చార్జరు పెట్టి ఏది బతికి ఉందో, ఏది లేదో చూసుకోండి. అరగంట అలాగే నడవనిచ్చి బ్యాటరీ తీగల తొడుగు మీద, బిగింపుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టనివ్వకపోతే అన్నీ ఆపేసి, ఆ బిగింపు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాకే ఆయన్ని పంపండి.